పట్టుచీర మీద నెయ్యి మరక: జరీ అంచు చెడకుండా తీసే పద్ధతి

ప్రశ్న: నమస్కారమండీ. మాది విశాఖపట్నం సీతమ్మధార. మొన్న ఆదివారం మా ఆడపడుచు కూతురి పెళ్ళిలో భోజనాల దగ్గర వడ్డించే అబ్బాయి చేతిలోని నేతి గిన్నె ఒరిగి నా చీర కుచ్చెళ్ళ మీద పడింది. మీగడ రంగు కంచిపట్టు, మెరూన్ అంచు, వెడల్పాటి జరీ. బాడీ మీద రూపాయి బిళ్ళంత మరకలు రెండు, అంచు జరీ మీద ఒకటి. ఇంటికి రాగానే పౌడరు చల్లాను, కొంత తగ్గింది కానీ పోలేదు. ఇస్త్రీ చేయలేదు, తడపలేదు. పక్కింటావిడ పెట్రోలుతో తుడిస్తే చిటికెలో పోతుందంటున్నారు. అత్తగారు పెట్టిన చీర, పాడు చేసుకోలేను. ఏం చేయమంటారు?

సమాధానం:

తడపకపోవడం, ఇస్త్రీ పెట్టె తగలనివ్వకపోవడం వల్ల మీ చీరకు ఇంకా అన్ని దారులూ తెరిచే ఉన్నాయి. పెట్రోలు సంగతి తరువాత చెబుతాను, అంతవరకు ఆ సీసాను గుమ్మం దాటనివ్వకండి. డాబాగార్డెన్స్ దగ్గర మా ఆయనా నేనూ కలిసి ఇరవై తొమ్మిదేళ్ళు డ్రైక్లీనింగ్ దుకాణం నడిపాము. ఆ కాలంలో మా బల్ల మీదికి వచ్చిన పట్టుచీరల్లో నూనె పడి చెడినవాటికంటే, నూనె తీయబోయి చెడగొట్టుకున్నవే ఎక్కువ. కాబట్టి ఏం చేయాలో చెప్పేటప్పుడు, ఎందుకు చేయాలో కూడా కొంచెం వివరంగానే చెబుతాను. కారణం తెలిస్తే చేయి తొందరపడదు.

పకోడీలు కట్టిన కాగితం పొట్లాన్ని గుర్తు తెచ్చుకోండి. నూనె తగిలిన చోట కాగితం ముదురుగా కనిపిస్తుంది, దానినే వెలుతురుకు ఎత్తి పడితే ఆ చోటే మెరుగ్గా, అద్దంలా కనిపిస్తుంది. కాగితం రంగు మారలేదు, దాని నారల మధ్య గాలి ఉండవలసిన చోట నూనె చేరింది, అంతే. పట్టులోనూ జరిగేది అదే. పడుగు, పేక పోగుల మధ్యనున్న సన్నని సందుల్లో నెయ్యి నిండడం వల్ల అక్కడ వెలుతురు చెదరకుండా లోపలికి పోతుంది, మనకు నల్లటి మచ్చలా కనిపిస్తుంది. మొదటి రోజుల్లో నేతి మరక ఇంతకు మించి మరేమీ కాదు. అందువల్ల దానిని ఉతికి వదలగొట్టడం కాదు మన పని, పట్టు సందుల్లోంచి అంతకంటే సన్నని సందులున్న మరొక పదార్థంలోకి దానిని నడిపించడం. రుద్దితే నెయ్యి నడవదు, పట్టు పోగు మాత్రం చిట్లుతుంది. చిట్లిన పోగు బూడిద పూసినట్టు తెల్లగా లేచి కనిపిస్తుంది, దానికి ఏ దుకాణంలోనూ వైద్యం లేదు. నీళ్ళు చల్లితే నీళ్ళకూ నేతికీ పొసగదు కనుక మరక అక్కడే ఉంటుంది, పైపెచ్చు నీటి చార కొత్తగా చేరుతుంది.

ఇప్పుడు మీ చీర దగ్గరికి వద్దాము. ముందుగా చీరను పూర్తిగా విప్పి, పగటి వెలుతురు వచ్చే కిటికీ దగ్గర పరచి, మరకలెన్నో లెక్కపెట్టండి. మూడే అని మీరు రాశారు గానీ, కుచ్చెళ్ళ మీద పడ్డ నెయ్యి పై మడత దగ్గరే ఆగడం నేను తక్కువగా చూశాను. పై మడతలో బిళ్ళంత మరక ఉంటే, దాని వెనక మడతలో కాస్త చిన్నది, ఆ వెనక దానిలో గింజంతది, ఇలా జానెడేసి దూరంలో వరుసగా ఉంటాయి. వాటిని గమనించకుండా మూడింటినే తీసి చీర మడిచిపెడితే, మిగిలినవి ఆరు నెలల తరువాత పసుపు చుక్కలై బయటపడతాయి. ప్రతి మరక చుట్టూ ఒక అంగుళం దూరంలో తెల్లటి దారంతో పెద్ద పెద్ద వదులు కుట్లు వేసి గుర్తు పెట్టుకోండి. పెన్నుతో గీయవద్దు, పిన్నీసు గుచ్చి వదిలేయవద్దు. మన సముద్రపు గాలికి పిన్నీసు రెండు రాత్రుల్లో తుప్పు పట్టి నేతి మరకకంటే మొండి మరకను మిగులుస్తుంది.

రెండో సంగతి ఫాల్. మీ అంచు మరక కింది అంచు మీద పడి ఉంటే, దాని వెనక తప్పకుండా ఫాల్ గుడ్డ కుట్టి ఉంటుంది. ఆ గుడ్డ నేతిని బాగా పీల్చుకుంటుంది, పైన మీరు ఎంత తీసినా కింద నుంచి మళ్ళీ పట్టులోకి ఎక్కుతుంది. పౌడరు వేసినప్పుడు పోయినట్టే పోయి మర్నాటికి మళ్ళీ కనిపించే మరకలకు చాలాసార్లు కారణం ఇదే. మరకకు అటు ఒక జానా, ఇటు ఒక జానా మేర ఫాల్ కుట్లు చిన్న కత్తెరతో ఒక్కొక్కటిగా కత్తిరించి, దారాలు లాగకుండా తీసేయండి. ఫాల్ తిరిగి కుట్టించడానికి అయ్యే ఖర్చు ఈ చీర విలువ ముందు లెక్కలోకి రాదు.

తరువాత బాడీ మీది మరకలు. బల్ల మీద ఉతికిన తెల్లటి పాత పంచె ముక్కను నాలుగు మడతలు వేసి పరచి, దాని మీద రెండు పొరల తెల్లటి టిష్యూ కాగితం వేయండి. రంగు పూల టిష్యూలు వద్దు. దాని మీద చీర తిరగవైపు పైకి వచ్చేలా, అంటే మరక ముఖం కిందికి ఉండేలా, మడత లేకుండా పరవండి. మరక మీద సువాసన లేని తెల్లటి టాల్కం పౌడరుగానీ, వంటింట్లోని తెల్లటి కార్న్‌ఫ్లోర్ గానీ జల్లెడతో రూపాయి బిళ్ళ మందాన, మరకను దాటి ఒక అంగుళం వరకు చల్లండి. చేతితో అదమకండి. బియ్యప్పిండి గరుకుగా ఉంటుంది. ముగ్గుపిండి రాతిపొడి, దానిలో సున్నం కలిసి ఉండవచ్చు కూడా, పట్టుకు సున్నం పడదు. ముల్తానీ మట్టి నూనెను బాగా లాగుతుంది గానీ మీ మీగడ రంగు మీద దాని ఛాయ మిగిలే ప్రమాదముంది. సువాసన పౌడర్లలోని అత్తరు నూనెలు మనం తీయబోయే మరకకు మరికొంత చేరుస్తాయి, మీరు మొన్న చల్లినది అటువంటిదైతే ముందు దానిని పూర్తిగా దులిపేయండి.

ఇక్కడే చాలామంది పని సగంలో ఆగిపోతుంది. పౌడరు ద్రవాన్ని మాత్రమే పీల్చగలదు. నెయ్యి సుమారు 35 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు తక్కువలో పేరుకుంటుంది. మే నెలలో మన ఊళ్ళో అది దానంతటదే కరిగి ఉంటుంది గానీ, ఏసీ గదిలో పరిచిన చీరలోని నెయ్యి పేరుకుని, పైన ఎంత పౌడరున్నా కదలకుండా కూర్చుంటుంది. మీ మరక కొంత తగ్గి ఆగిపోవడానికి కారణం ఇదే అయి ఉంటుందని నా అనుమానం. దీనికి మా అమ్మమ్మల నాటి ఉపాయమే మేలైనది. ఇస్త్రీ పెట్టెలు లేని రోజుల్లో ఇత్తడి చెంబులో వేడినీళ్ళు పోసి చొక్కాలు సాపు చేసేవారు, గుర్తుందా? అదే చెంబు, కానీ అంత వేడి వద్దు. అరచేయి ఆనించి పది లెక్కపెట్టేవరకు ఓర్చుకోగలిగేంత వేడి చాలు, సుమారు 45 డిగ్రీలు. చెంబు అడుగున, పక్కల తడి లేకుండా గుడ్డతో తుడిచి, పౌడరు మీద ఒక టిష్యూ కాగితం కప్పి, దాని మీద చెంబును పది నిమిషాలు కదపకుండా ఉంచండి. నెయ్యి కరిగి, పైన పౌడరులోకీ కింద టిష్యూలోకీ రెండు వైపులా నడుస్తుంది. తరువాత చెంబు తీసి, పౌడరును అలాగే రాత్రంతా వదిలేయండి. ఇస్త్రీ పెట్టెను తక్కువ వేడి మీద పెట్టి చేస్తే సరిపోదా అని మా దుకాణంలో చాలామంది అడిగేవారు. సరిపోదు. తక్కువ వేడి అని గుర్తున్న చోట కూడా పెట్టె అడుగు భాగం వంద డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. ఆ వేడికి నెయ్యి పలుచనై పక్కలకు పాకుతుంది, గాలిలోని ప్రాణవాయువుతో త్వరగా కలిసి జిగురెక్కుతుంది.

మర్నాడు ఉదయం పౌడరును దులిపి, పసిపిల్లల తలదువ్వే మెత్తని బ్రష్షుతో పేక పోగుల దారినే, అంటే చీర అడ్డంగా, తేలికగా విదిలించండి. పడుగు దారిన గానీ గుండ్రంగా గానీ తిప్పవద్దు. కింద టిష్యూ మార్చి, కొత్త పౌడరు వేసి, మళ్ళీ చెంబు, మళ్ళీ రాత్రి. రూపాయి బిళ్ళంత తాజా మరకకు మా అనుభవంలో రెండు మూడు రాత్రులు పట్టేవి. వానాకాలంలో పౌడరు గాలిలోని తేమనే తాగి ముద్ద కడుతుంది, అప్పుడు అది నెయ్యిని తీసుకోదు. తలుపులు వేసి ఫ్యాను కింద చేసుకోండి, డాబా మీద ఎండలో మాత్రం పెట్టవద్దు. మీగడ రంగు పట్టు ఎండకు పసుపెక్కుతుంది, ఎక్కిన పసుపు దిగదు.

ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది, మా దుకాణంలో కొత్తగా చేరిన కుర్రవాళ్ళకు మొదటి వారంలోనే ఇది నేర్పేవాళ్ళం. పౌడరు లేకుండా, మరక మీదా కిందా తాజా తెల్లటి టిష్యూ పెట్టి, వెచ్చని చెంబును ఒక్క నిమిషం ఆనించండి. టిష్యూను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. దానిలో అద్దంలాంటి మచ్చ కనిపిస్తే చీరలో ఇంకా కదిలే నెయ్యి ఉంది, మరొక రాత్రి పౌడరు వేయడంలో అర్థముంది. టిష్యూ శుభ్రంగా వచ్చి, చీర మీద మాత్రం మచ్చ ఉంటే, మిగిలింది కదిలే నెయ్యి కాదు. నేతితో పాటు పడ్డ పప్పులోని పసుపు అయినా కావచ్చు, తడి వల్ల వచ్చిన చార అయినా కావచ్చు, పాతబడి గట్టిపడ్డ నెయ్యి అయినా కావచ్చు. వీటిలో దేనికీ పౌడరు పనికిరాదు. చారను గుర్తుపట్టడం తేలిక, దాని చుట్టు గీత గీసినట్టు పదునుగా ఉంటుంది, నడుమ ఏమీ ఉండదు. నేతి మరకకు అంచు మసకగా, నడుమ ముదురుగా ఉంటుంది. పసుపైతే ఆ చోటు రంగే చెబుతుంది, దాని మీద సబ్బు తగిలితే ఎర్రబడుతుందన్నది ఇంట్లో అందరికీ తెలిసినదే.

ఇక అంచు మీది మరక. ఇక్కడ పౌడరు వద్దు. జరీ అంటే ఒకే తీగ కాదు, లోపల ఒక దారం, దాని చుట్టూ చుట్టిన సన్నని లోహపు రేకు. ఆ చుట్ల మధ్యకు దూరిన పౌడరు ఎంత దులిపినా పూర్తిగా రాదు, జరీ సున్నం కొట్టినట్టు వెలవెలపోతుంది. కంచి అంచులకు వెనక వైపు జరీ పోగులు కట్టు లేకుండా వేలాడుతుంటాయి కనుక, బ్రష్షు తగిలితే అవి పైకి లేస్తాయి కూడా. అంచు మీద టిష్యూ, చెంబు మాత్రమే వాడండి. తిరగవైపు పైకి ఉంచి, కిందా పైనా నాలుగేసి పొరల టిష్యూ పెట్టి, వెచ్చని చెంబును ఐదు నిమిషాలు నిలువుగా ఆనించి, తీసి, టిష్యూ మార్చి, మళ్ళీ పెట్టండి. చెంబును పక్కకు జరపవద్దు, ఎత్తి పెట్టండి. ఇలా ఎనిమిది పది సార్లు చేస్తే జరీలోని నెయ్యి చాలావరకు టిష్యూలోకి వస్తుంది. కొంత మిగిలినా, దానితో ఇంట్లో కుస్తీ పట్టవలసిన పని లేదు.

మీ జరీ ఏ రకానిదో తెలుసుకుంటే తరువాతి నిర్ణయం తేలికవుతుంది. కొంగు చివర కుచ్చుల దగ్గర తెగి వేలాడే ఒక జరీ పోగును తీసుకుని గోటితో గీరండి. రేకు కింద ఎర్రటి లేదా పసుపు పచ్చని పట్టుదారం బయటపడి, రేకు తెల్లగా వెండిలా ఉంటే అది అసలు జరీ, వెండి మీద బంగారు పూత. రేకు రాగి రంగులో బయటపడితే అది రాగి తీగ మీద పూత వేసిన రకం. రేకు కాగితంలా పొరగా ఊడివస్తే అది ప్లాస్టిక్ జరీ. వెండి జరీకి నెయ్యి వల్ల పెద్దగా హాని లేదు. రాగి జరీ అట్లా కాదు. ఇత్తడి దీపపు కుందిలో నూనె మిగిలిపోతే ఆకుపచ్చని చిలుము పట్టడం మీరు చూసే ఉంటారు. నూనెలోని, నేతిలోని ఆమ్లాలు రాగితో కలిసి చేసే పని అది. చీర అంచులోనూ అదే జరుగుతుంది, నిదానంగా. నెయ్యి వదిలేసిన రాగి జరీ పక్కన కొన్ని నెలలకు పట్టు మీద పాచి రంగు గీత తేలుతుంది. అందువల్ల బాడీ మీది మరకకు నెల రోజులు ఆగినా ప్రమాదం తక్కువేమో గానీ, రాగి జరీ అంచు మీది మరకకు ఆగకూడదు. కుందిని తోమినట్టు చింతపండు, నిమ్మకాయ పెట్టి జరీని తోమే వారిని నేను చూశాను. మొదటి పావుగంట మెరుస్తుంది. తరువాత పూత పోయి రాగి బయటపడి నల్లబడుతుంది, అంచు పక్కన పట్టు రంగు కూడా మారుతుంది.

నీటితో, సబ్బుతో తీయవచ్చా అన్న ప్రశ్న మీరు అడగలేదు గానీ, ఇంకెవరైనా చెబితే మీకు ఆశ పుడుతుంది కనుక చెబుతున్నాను. ఒకే రంగు పట్టులో, జరీకి దూరంగా, రంగు దిగదని పరీక్షించి తెలుసుకున్న తరువాత, కుంకుడుకాయ నురుగుతోగానీ ఉన్ని బట్టల ద్రవ సబ్బు నురుగుతోగానీ కొంత చేయవచ్చు. పట్టు మాంసకృత్తి, క్షారం దానిని తింటుంది. బట్టల సబ్బూ, సోడా, మామూలు వాషింగ్ పౌడరూ క్షారాలు. కుంకుడు రసం అలా కాదు, అందుకే మన పెద్దవాళ్ళు పట్టుబట్టలకు దానినే వాడారు. కానీ మీ చీర మీగడ రంగు, దాని పక్కనే మెరూన్ అంచు. ముదురు ఎరుపు రంగులు నీటిలో దిగడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి, పక్కన లేత రంగుంటే అందులోకి పాకుతాయి. దానికి తోడు, కుంకుడు రసం గోధుమ ఛాయ లేత పట్టు మీద మిగులుతుంది.

నా తప్పు ఒకటి చెప్పుకుంటే మీకు ఇది గట్టిగా గుర్తుంటుంది. 1997లో, దుకాణం పెట్టిన తొలి రోజుల్లో, ఒక లేత గులాబీ పట్టుచీర మీద పావలా బిళ్ళంత నూనె మరక వచ్చింది. డ్రైక్లీనింగ్ యంత్రం ఆ రోజు పాడై ఉంది, చీర మర్నాటికి కావాలన్నారు. నురుగుతో తుడిచి, తడిగుడ్డతో అద్ది, ఫ్యాను కింద పెట్టాను. నూనె పోయింది. దాని స్థానంలో సాసరంత చార మిగిలింది. నేతలో పట్టుకు పెట్టే గంజి, మెరుగు తడి తగిలిన చోట కరిగి, తడి ఆరుతున్న అంచు దాకా కొట్టుకుపోయి అక్కడ గీతగా పేరుకుంటాయి. నీటి చార అంటే అదే. చివరికి ఆ చీర మొత్తాన్ని తడిపి, మొత్తాన్ని ఒక్కసారి ఆరబెట్టి, మళ్ళీ రోలింగ్ చేయిస్తే గానీ చార పోలేదు. ఒకే రంగు చీర కనుక అది సాధ్యమైంది. మీ చీరకు ఆ దారి లేదు, రెండు రంగుల చీరను మొత్తంగా తడపలేము. అందుకని మీరు నీటి మెట్టు ఎక్కవద్దు.

ఇప్పుడు పక్కింటావిడ చెప్పిన పెట్రోలు. ఆమె మాటలో సగం నిజముంది. నెయ్యి నీటిలో కరగదు, పెట్రోలువంటి ద్రావకంలో కరుగుతుంది. మన ఊళ్ళో డ్రైక్లీనింగ్‌ను ఇప్పటికీ పెట్రోలు వాష్ అనడానికి మూలం అదే. కానీ బంకులో పోసే పెట్రోలు బట్టల కోసం తయారైనది కాదు. అందులో రంగు కలపడం ఉంది, ఇంజను కోసం కలిపే మందులున్నాయి, ఇప్పుడు ఇథనాల్ కూడా కలుస్తోంది. నెయ్యి కరిగినా ఇవి పట్టులో మిగిలి, ఆరిన తరువాత కొత్త పసుపు వలయంగా కనిపిస్తాయి, వాసన నెలల తరబడి పోదు. అంతకంటే ముఖ్యం, పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. నేల వెంబడి పాకి, పక్క గదిలో పూజ దగ్గర వెలుగుతున్న దీపాన్నో, వంటింటి పొయ్యినో అందుకుంటుంది. గోళ్ళ రంగు తుడిచే ద్రవం, సర్జికల్ స్పిరిట్ కూడా వద్దు. మొదటిది ప్లాస్టిక్ జరీ మీది పూతను కరిగిస్తుంది, రెండవది నెయ్యిని సరిగ్గా కరిగించదు గానీ మెరూన్ రంగును మాత్రం లాగుతుంది. కిరోసిన్ వాసన ఇక చీరకు ఆస్తిలా మిగిలిపోతుంది.

ద్రావకం పని దుకాణానిదే. మూడు రాత్రుల పౌడరు తరువాత టిష్యూ పరీక్షలో నెయ్యి ఇంకా కనిపిస్తే, లేదా అంచు మీద మరక మిగిలితే, చీరను డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి. ఇవ్వడం కంటే ఇచ్చేటప్పుడు చెప్పే మాటలే ముఖ్యం. పడింది నెయ్యి అని, ఏ రోజు పడిందో, ఇంతవరకు పౌడరు, వెచ్చదనం తప్ప మరేమీ తగలలేదని చెప్పండి. దారం గుర్తులు చూపించండి. కౌంటరు దగ్గరి అబ్బాయికి చెప్పి వచ్చేయకుండా, చీటీ మీద రాయించి చీరకు కుట్టించండి, ఎందుకంటే యంత్రం దగ్గర ఉండేది వేరే మనిషి. మరక పోయిందని మీరు చూసేవరకు ఆవిరి, ఇస్త్రీ, రోలింగ్ చేయవద్దని గట్టిగా చెప్పండి. ఇది చెప్పకపోతే చీర మీ చేతికి మెరుస్తూ వస్తుంది, మరక ఉడికిపోయి ఉంటుంది. ఏ ద్రావకం వాడతారో కూడా అడగవచ్చు. పెర్క్ అనేది బలమైనది, నెయ్యిని తేలికగా కరిగిస్తుంది, వెండి జరీకీ రాగి జరీకీ సాధారణంగా ఇబ్బంది లేదు. ప్లాస్టిక్ జరీ అయితే మాత్రం ఎం.టి.ఓ. అని పిలిచే మినరల్ టర్పెంటైన్ వాడే చోటికి ఇవ్వండి, అది నెమ్మదైనది. అడిగితే విసుక్కునే దుకాణానికి ఈ చీర ఇవ్వవద్దని నా సలహా. పసుపు కూడా పడి ఉంటే ఆ సంగతి విడిగా చెప్పండి, ద్రావకం పసుపును తీయదు, దానికి వేరే చేయి పడాలి.

మీలాంటి చీర ఒకటి మా దగ్గరికి 2013లో వచ్చింది, అప్పుడు జరిగింది చెబితే మీకు అంచనా దొరుకుతుంది. లేత పసుపు బాడీ, ముదురు ఆకుపచ్చ అంచు, రాగి జరీ, సింహాచలంలో పెళ్ళి జరిగిన నాలుగో రోజు. బాడీ మీద ఒక మరక, అంచు మీద ఒకటి, రెండిటి వెనకా ఫాల్. ఫాల్ విప్పగానే ఆ గుడ్డలో అరచేయంత నూనె మచ్చ కనిపించింది, పైన చీరలో బిళ్ళంతే ఉంది. ఆ ఫాల్ పారేశాము. బాడీ మీది మరక రెండు రాత్రుల పౌడరుతో, రోజుకు రెండుసార్లు వెచ్చని చెంబుతో, టిష్యూ పరీక్షలో శుభ్రమైంది. అంచు మీది మరక ఏడెనిమిది టిష్యూల తరువాత సగమై ఆగింది. దానిని యంత్రంలో వేయకుండా, తిరగవైపు నుంచి దూదితో ద్రావకాన్ని అద్ది, కింద టిష్యూలోకి దింపి, ఆ ఒక్క చోటే పని ముగించాము. ఆ తరువాత మొత్తం చీరను ఒకసారి డ్రైక్లీన్ చేశాము, లేకపోతే ద్రావకం తగిలిన చోటు మిగతా చీరకంటే శుభ్రంగా కనిపించి అదే మరకలా తోస్తుంది. జరీ మెరుపులో తేడా రాలేదు. మరక ఉన్న చోట ఆకుపచ్చ అంచు కొంచెం ముదురుగా ఉందని నాకు అనిపించింది, చీర యజమానురాలికి కనిపించలేదు. అక్కడితో వదిలేశాము, ఇంకా చేయబోతే పోగు లేచేది.

మీ చీరలోనూ అలాంటి నీడ ఒకటి మిగలవచ్చు. ముఖ్యంగా నెయ్యిలో పసుపు కలిసి ఉంటే పూర్తిగా తెల్లబడదు. మీగడ రంగు కనుక హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరచుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది తెల్ల పట్టుకు, అదీ తెలిసిన చేతిలో. పక్కనున్న మెరూన్ మీద ఒక చుక్క పడినా ఆ చోటు వెలిసిపోతుంది. క్లోరిన్ బ్లీచ్ పట్టును నిజంగానే కరిగించేస్తుంది, దాని సీసా ఉన్న గదిలో ఈ పని పెట్టుకోవద్దు.

చీర తిరిగి వచ్చాక డబ్బు ఇచ్చే ముందు దుకాణపు ట్యూబులైటు కింద కాకుండా గుమ్మం దగ్గర పగటి వెలుతురులో దారం గుర్తుల దగ్గర చూడండి, ఆ తరువాతే గుర్తు దారాలు కత్తిరించండి. కొత్త ఫాల్ కుట్టించడానికి ఒక నెల ఆగండి. ఆ నెలా చీరను పాత మెత్తని పంచెలో చుట్టి, మరకలున్న భాగం పై మడతలో ఉండేలా పెట్టుకోండి. నెల తరువాత విప్పి మళ్ళీ కిటికీ దగ్గర చూడండి. కంటికి కనపడకుండా మిగిలిన నెయ్యి ఏమైనా ఉంటే అది గాలి తగిలి లేత పసుపుగా తేలడం ఈలోగా మొదలవుతుంది. అప్పుడే అయితే ఇంకొక్కసారి ద్రావకంతో పోతుంది. అంచు వెనక వైపు, జరీ పక్కన, పాచి రంగు గీత ఏదైనా మొదలైందేమో కూడా అప్పుడే చూడండి. రెండూ లేకపోతే ఫాల్ కుట్టించుకోవచ్చు. పోగును గీరి చూశాక జరీ ఏ రకమో ఇక్కడ రాయండి, రాగి రకమైతే పౌడరు రాత్రులు ముగిసేవరకు ఆగకుండా అంచును ముందుగానే దుకాణంలో చూపించమని చెబుతాను.